రూ.10,000 తక్కువకు వచ్చే వాచీ అసలు ఖరీదెంత?

ఎమ్మార్పీ రూ.40,000 ఉన్న ఆటోమేటిక్ వాచీ ఒకటి అనుకుందాం. అదే మోడల్‌ను ఆన్‌లైన్‌లో ఒకతను రూ.30,000కే ఇస్తానంటున్నాడు. తెనాలి వాళ్లు విజయవాడ వెళ్లి షోరూములో కొనాలా, ఇంటికే పార్సిల్ తెప్పించుకోవాలా? బాపట్ల, రేపల్లె వాళ్లకైతే విజయవాడ ఇంకా దూరం, పార్సిల్ మీద ఆశ ఇంకా ఎక్కువ.

ముందొక అపోహ తొలగించుకోవాలి. ఇలా తక్కువకు దొరికే గ్రే మార్కెట్ వాచీ అంటే డూప్లికేట్ కాదు. అదే ఫ్యాక్టరీలో తయారైన అసలు సరుకే, కాకపోతే కంపెనీ నియమించిన డీలర్ల దారిలో కాకుండా వేరే దేశం నుంచి పక్కదారిన వచ్చింది. అలా తేవడం నేరమూ కాదు. 2012 అక్టోబరులో శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఇలాంటి దిగుమతిని అనుమతించింది. అయితే ఒక షరతు పెట్టింది: సరుకు దిగుమతి చేసుకున్నదని, కంపెనీ వారంటీ ఉండదని, వారంటీ తామే ఇస్తామని అమ్మేవాళ్లు కొట్టులో స్పష్టంగా కనిపించేలా రాయాలి. ‘ఇంటర్నేషనల్ వారంటీ ఉంది సార్’ అని నోటిమాటగా చెప్పేవాళ్లను ఈ షరతు గుర్తుపెట్టుకునే వినండి.

ఇక లెక్క. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలు, మీరు మీ మోడల్ ధరలు పెట్టి చూసుకోండి. మూడేళ్ల తర్వాత బాక్సు, బిల్లు, స్టాంపు వేసిన వారంటీ కార్డు అన్నీ ఉన్న వాచీ రూ.20,000 పలికిందనుకుందాం. కాగితాలు లేనిదానికి రూ.16,000 వచ్చిందనుకుందాం. షోరూములో పూర్తి ఎమ్మార్పీ పెట్టి కొన్నవారికి నష్టం రూ.20,000. గ్రేలో కొన్నవారికి రూ.14,000 మాత్రమే. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడు తన బేరాన్ని మొదలుపెట్టేది మీ ఎమ్మార్పీ నుంచి కాదు, కొత్త వాచీ బయట ఎంతకు దొరుకుతోందో అక్కణ్నుంచి. ‘షోరూములో కొంటే రీసేల్ బాగుంటుంది’ అనే మాట సగమే నిజం.

షోరూములో బేరమాడితే లెక్క మారుతుంది. 15 శాతం తగ్గిస్తే ధర రూ.34,000 అవుతుంది, నష్టం సరిగ్గా రూ.14,000కు దిగుతుంది. అప్పుడు రెండూ సమానం, పైగా వారంటీ ఊరికే వచ్చినట్టు. రెండేళ్ల వారంటీ లోపల మూవ్‌మెంట్ ఆగిపోయి రిపేరుకు రూ.8,000 అయిందనుకోండి, గ్రే కొన్నవారి నష్టం రూ.22,000కు చేరుతుంది. అందుకే షోరూములో అడగాల్సిన మొదటి ప్రశ్న డిస్కౌంట్ ఎంత అన్నదే.

వారంటీ ఎక్కడ చెడుతుందో చూద్దాం. సర్వీస్ సెంటర్ వాళ్లు అడిగేవి డీలరు స్టాంపు, కొన్న తేదీ, వాచీ వెనక మూత మీది సీరియల్ నంబరుతో సరిపోయే కార్డు. గ్రే సరుకులో కార్డు ఖాళీగా ఉండొచ్చు, స్టాంపు వేరే దేశపు కొట్టుదై ఉండొచ్చు, సీరియల్ నంబరే గీకేసి ఉండొచ్చు. అమ్మినవాడిచ్చే సొంత వారంటీ అతని కొట్టు నడిచినంతకాలమే. ఇంకో సంగతి, వారంటీ కాలంలో వెనక మూతను ఊళ్లో రిపేరు కొట్టులో తెరిపిస్తే కంపెనీ వారంటీ కూడా పోవచ్చు.

పార్సిల్ విప్పగానే పెట్టె మీద స్టిక్కరు చూడండి. ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ అక్కడ ఉండాలి. అవి లేకపోతే అనుమానించాల్సిందే. డీలరు పేరు బ్రాండ్ వెబ్‌సైట్‌లోని దుకాణాల జాబితాలో ఉందో లేదో వెతకండి. బిల్లు మీది జీఎస్టీ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చు.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో అన్నయ్య తెచ్చిన ప్రతి వాచీ గ్రే కాదు. అక్కడి ఆథరైజ్డ్ డీలరు దగ్గర కొని కార్డు నింపించి తెస్తే, ఒమేగా, రోలెక్స్ వంటి స్విస్ బ్రాండ్ల గ్యారంటీ ఇక్కడా చెల్లుతుంది. రోలెక్స్‌కు 2015 నుంచి, ఒమేగాకు 2018 నుంచి అది అయిదేళ్లు. కొన్ని బ్రాండ్లు మాత్రం కొన్న దేశంలోనే చూస్తాయి. రోలెక్స్ స్టీల్ డేటోనా లాంటి వాటిలో లెక్క తిరగబడుతుంది: డీలరు ధరే తక్కువ, గ్రేలోనే ఎక్కువ.

గొడవ వస్తే విజయవాడ, హైదరాబాదు తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటి పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. బిల్లు లేకుండా నగదుకు కొన్నారా, చేతిలో రుజువు ఏమీ ఉండదు.

నా లెక్కలో ధరల తేడా 15 శాతం లోపుంటే షోరూమే మేలు. 25 శాతం దాటి, రిపేరు ఖర్చు భరించగలిగితే గ్రే తీసుకోండి, బిల్లు మాత్రం అడిగి పుచ్చుకోండి.