పరీక్ష తేదీ మారింది, ఎవరెవరికి తెలిసింది?

పరీక్షల టైంటేబుల్ మారినప్పుడు ఆ కబురు చాలా బడుల్లో ముందుగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది. దాన్ని పెట్టేది తరగతి ప్రతినిధిగా ఉండే ఒక తల్లో తండ్రో. సందేశం పెట్టడం రెండు నిమిషాల పని. అది ఏ ఇంటికి చేరలేదో కనుక్కోవడమే అసలు పని.

ఉదాహరణకు, సమ్మెటివ్ పరీక్షల మధ్యలో తుపాను హెచ్చరిక వచ్చి మంగళవారం సెలవు ప్రకటించారనుకుందాం. ‘మ్యాథ్స్ పోస్ట్‌పోన్ అయింది, అందరూ గమనించగలరు’ అని పెడితే గ్రూపులో ప్రశ్నల వాన మొదలవుతుంది. ఎప్పటికి మారింది? బుధవారం సైన్సు ఉన్నట్టా, లేనట్టా? పనికొచ్చే సందేశం ఇలా ఉంటుంది:

‘7వ తరగతి బి సెక్షన్ తల్లిదండ్రులకు నమస్కారం. నవంబర్ 11, మంగళవారం బడికి సెలవు. ఆ రోజు జరగాల్సిన గణితం పరీక్ష 15, శనివారం ఉదయం 9.30కి ఉంటుంది. మిగతా పరీక్షలు పాత తేదీల్లోనే. ఈ మార్పు క్లాస్ టీచర్ గారు ఇప్పుడే చెప్పారు. చూసినవాళ్లు రాత్రి 8 లోపు మీ పిల్లల రోల్ నంబర్ పెట్టండి.’

తేదీ పక్కన వారం రాయడం అలంకారం కాదు. రెండూ కలవకపోతే పొరపాటు వెంటనే బయటపడుతుంది. మారని పరీక్షల గురించి చెప్పే చిన్న వాక్యమైతే సగం ఫోన్లను ఆపుతుంది.

ఇక జవాబుల సంగతి. గ్రూపులో నీలం టిక్కులు సభ్యులంతా చదివాకే కనిపిస్తాయి. ఈలోగా ఎవరు చదివారో మెసేజ్ ఇన్ఫోలో చూడొచ్చు కానీ, అక్కడ తేలేది ఫోన్ల లెక్క, పిల్లల లెక్క కాదు. ఒక ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ గ్రూపులో ఉండొచ్చు. మరో ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో డ్యూటీకి వెళ్లిపోవచ్చు. ‘ఓకే అండీ’లూ బొటనవేలు గుర్తులూ ఎన్ని వచ్చినా, ఏ పిల్లవాడి ఇల్లు మిగిలిందో తెలియదు. రోల్ నంబర్లయితే హాజరుపట్టీలా టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు. 42 మందిలో 36 నంబర్లు వస్తే మిగిలినవి ఆరు ఇళ్లు. రాత్రి 8 దాటాక వాళ్లకు ఫోన్ చేయాలి. గ్రూపులో మళ్లీ ‘జవాబు ఇవ్వనివాళ్లు ఇవ్వండి’ అని రాస్తే దాన్ని చూసేది ముందే జవాబిచ్చినవాళ్లే.

సందేశంలో తప్పు దొర్లితే 15 నిమిషాల్లోపు దిద్దే వీలుంది. కానీ అప్పటికే చదివినవాళ్లు మళ్లీ వెనక్కి వెళ్లి చూడరు. అందుకే తేదీ తప్పయితే పాతది తొలగించి, ‘సవరణ’ అని మొదట రాసి కొత్తగా పంపడం మేలు. నంబర్లు కూడా మళ్లీ అడగాలి, ఎందుకంటే ముందు వచ్చినవి తప్పు తేదీకి ఇచ్చిన జవాబులు. జవాబుల రద్దీకి అసలు సందేశం పైకి జరిగిపోతుంది కాబట్టి దాన్ని ఏడు రోజులకు పిన్ చేయాలి. ఆదివారం పెట్టిన సందేశమైతే శనివారం పరీక్ష ముగిసేదాకా గ్రూపు తెరవగానే పైనే కనిపిస్తుంది.