అడగని అప్‌గ్రేడ్, ఆగిపోయిన బిల్డ్

2022 ఫిబ్రవరి మూడో వారంలో, పైథాన్‌తో వెబ్‌సైట్లు నడిపే ఎన్నో టీములకు ఒకే కష్టం వచ్చిపడింది. ముందు రోజు దాకా చక్కగా నడిచిన ప్రాజెక్టు, కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా, కొత్తగా బిల్డ్ చేసేసరికి మొరాయించింది. తెర మీద వచ్చిన ఎర్రర్ ఇది:

```
ImportError: cannot import name 'soft_unicode' from 'markupsafe'
```

మార్కప్‌సేఫ్ నుంచి soft_unicode అనే పేరును తెచ్చుకోబోతే అది అక్కడ లేదని దీని అర్థం. చాలామందిని ఇంకా కంగారు పెట్టిన విషయం, మార్కప్‌సేఫ్ అనే లైబ్రరీ ఒకటి తమ ప్రాజెక్టులో ఉందనే వాళ్లకు తెలియకపోవడం.

లైబ్రరీ అంటే వేరేవాళ్లు రాసి పెట్టిన కోడ్. పైథాన్‌లో వెబ్‌సైట్ కట్టేవాళ్లలో చాలామంది ఫ్లాస్క్ అనే లైబ్రరీని వాడతారు. పేజీలు తయారు చేయడానికి ఫ్లాస్క్ జింజా మీద ఆధారపడుతుంది. ఆ పేజీల్లో ఎవరో టైప్ చేసిన మాటలు కలిసినప్పుడు, అందులోని < > & లాంటి గుర్తులు పేజీని పాడుచేయకుండా మార్చే పని మార్కప్‌సేఫ్‌ది. జింజా దాన్ని వాడుకుంటుంది. మనం అడిగింది ఫ్లాస్క్‌ను. మిగతావి దాని వెంట వచ్చాయి.

ఇక బిల్డ్. సర్వర్ మీదో, టెస్టులు నడిపే మెషీన్ మీదో ఖాళీ చోట మొదలుపెట్టి, కావలసిన లైబ్రరీలన్నీ దింపుకుని, ప్రోగ్రామును నడవడానికి సిద్ధం చేసే పని అది. పైథాన్‌లో ఆ దింపుకునే పనిని పిప్ చేస్తుంది. ఏమేం కావాలో requirements.txt అనే ఫైలులో రాస్తాం. ఆ రోజు దెబ్బతిన్న ప్రాజెక్టుల్లో చాలావాటి ఫైలు ఇలాంటిదే:

```
Flask==1.1.2
Jinja2==2.11.3
```

రెండు సమాన గుర్తులు పెట్టి నంబర్ రాస్తే కచ్చితంగా ఆ వెర్షనే కావాలని చెప్పినట్టు. దీన్నే వెర్షన్ పిన్ చేయడం అంటారు. అంటే ఈ టీములు నిర్లక్ష్యంగా ఏమీ లేవు. తాము ఎంచుకున్న రెండింటినీ పిన్ చేశాయి. కానీ జింజా 2.11.3 తన అవసరాల జాబితాలో మార్కప్‌సేఫ్ గురించి రాసుకున్నది వేరు: `MarkupSafe>=0.23`. 0.23 గానీ, ఆ తర్వాత వచ్చినది ఏదైనా గానీ ఫర్వాలేదని. పై హద్దు లేదు. అలాంటప్పుడు పిప్ ఆ క్షణానికి దొరికేవాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని దింపుతుంది. అంతకుముందు అది 2.0.1. ఆ వారంలో 2.1.0 విడుదలైంది, soft_unicode అనే ఫంక్షన్ అందులోంచి తీసేశారు. జింజా పాత వెర్షన్ మాత్రం దాన్ని పేరు పెట్టి అడుగుతూనే ఉంది.

పాత మెషీన్లలో ఏ గొడవా రాకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ 2.0.1 ముందే ఇన్‌స్టాల్ అయి ఉంది, పిప్ దాన్ని కదిలించలేదు. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచి, సర్వర్ మీద మాత్రమే బిల్డ్ ఫెయిల్ అవుతుంటే నేనైతే ముందు రెండు చోట్లా `pip freeze` కొట్టి చూడమంటాను. ఇన్‌స్టాల్ అయిన ప్రతి లైబ్రరీనీ, దాని కచ్చితమైన వెర్షన్‌నూ అది వరుసగా చూపిస్తుంది. రెండు జాబితాలను పక్కపక్కన పెడితే తేడా ఉన్న లైను వెంటనే దొరుకుతుంది.

మార్కప్‌సేఫ్ రాసినవాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. పైథాన్ 2 కాలం నాటి పేరు అది. 2021 మేలో వచ్చిన 2.0లోనే దాన్ని soft_strగా మార్చి, పాత పేరు 2.1లో పోతుందని హెచ్చరిక పెట్టారు. దాదాపు తొమ్మిది నెలలు గడువిచ్చారు. అయితే అలాంటి హెచ్చరికలను పైథాన్ మామూలుగా తెర మీద చూపించదు. అందులోనూ పాత పేరును పిలుస్తున్నది మన కోడ్ కాదు, జింజా కోడ్. పైగా 2.0 నుంచి 2.1 అనే నంబర్ చూస్తే చిన్న మార్పులాగే అనిపిస్తుంది. మొదటి అంకె మారితేనే పాత కోడ్ చెడుతుందనే పద్ధతిని అన్ని ప్రాజెక్టులూ పాటించవు. నంబర్ చూసి ధైర్యపడటం నా దృష్టిలో ప్రమాదమే.

ఆ రోజు చాలామంది మార్కప్‌సేఫ్‌ను 2.0.1 దగ్గర పిన్ చేసి ఊపిరి పీల్చుకోబోయారు. పై రెండు లైన్ల ప్రాజెక్టులో ఆ వెంటనే మరో ఎర్రర్ ఎదురయ్యేది. ఫ్లాస్క్ ఆధారపడే ఇట్స్‌డేంజరస్ అనే ఇంకో లైబ్రరీ కూడా అదే సమయంలో 2.1.0కి వచ్చి, పాత ఫ్లాస్క్‌కు కావలసిన ఒక భాగాన్ని వదిలేసింది. మొదటి ఎర్రర్ దగ్గరే ప్రోగ్రాము ఆగిపోతుంది కాబట్టి రెండోది అప్పటిదాకా బయటపడలేదు. చిల్లు కనపడిన చోటల్లా ఒక్కో పిన్ కొడుతూ పోతే పని తెమలదు. వెంట వచ్చినవాటితో సహా మొత్తం జాబితాను పిన్ చేయాలి:

```
Flask==1.1.2
Jinja2==2.11.3
MarkupSafe==2.0.1
Werkzeug==1.0.1
itsdangerous==2.0.1
click==7.1.2
```

ఈ ఫైలు ఉంటే ఈ రోజు బిల్డ్ చేసినా, మూడు నెలల తర్వాత చేసినా అవే ఆరు వెర్షన్లు దిగుతాయి. దీన్ని చేత్తో రాయనక్కర్లేదు. మనకు నేరుగా కావలసినవి requirements.in అనే ఫైలులో రాసి `pip-compile` నడిపితే మిగతావన్నీ అదే లెక్కగట్టి రాస్తుంది. ఒక్కో లైబ్రరీ ఎవరి వెంట వచ్చిందో కూడా పక్కన చెబుతుంది. జావాస్క్రిప్ట్‌వాళ్లకు ఎన్‌పీఎం తయారుచేసే package-lock.json చేసేదీ ఇదే పని.

జింజా కూడా అలాగే పిన్ చేసి ఉండాల్సింది కదా అనిపించవచ్చు. కుదరదు. నలుగురూ వాడే లైబ్రరీ తనకు ఫలానా ఒక్క వెర్షనే కావాలని పట్టుబడితే, అదే ప్రాజెక్టులోని మరో లైబ్రరీ వేరే వెర్షన్ అడిగినప్పుడు రెండూ కలిసి ఇన్‌స్టాలే కావు. లైబ్రరీలు కొంత చోటు వదలాలి. కచ్చితమైన జాబితాను, చివరన వాటన్నిటినీ కలిపి నడిపే అప్లికేషన్ పెట్టుకోవాలి.

పిన్ చేసి మరిచిపోవడం కూడా మంచిది కాదు. భద్రతా లోపాలను సరిచేసిన వెర్షన్లు వస్తుంటాయి, పిన్ చేసిన ప్రాజెక్టుకు అవి వాటంతట అవి చేరవు. కాబట్టి అప్‌గ్రేడ్‌ను ఒక పనిగా పెట్టుకుని చేయాలి. ఒక్కో లైబ్రరీనీ విడిగా పెంచి, విడుదల నోట్సులో ఏం తీసేశారో చదివి, టెస్టులు నడిపి, కొత్త జాబితాను ఒక మార్పుగా భద్రపరచాలి. టెస్టులకు పైటెస్ట్ వాడితే, పైథాన్ మామూలుగా దాచే హెచ్చరికలను అది చివర్లో చూపిస్తుంది. soft_unicode పోతుందన్న మాట అక్కడ కనిపించి ఉండేది.

పిన్ చేసినా అందని చోటు ఒకటుంది. 2020 మార్చిలో మార్కప్‌సేఫ్‌నే 1.0 దగ్గర పిన్ చేసుకున్న ప్రాజెక్టులు కూడా ఆగిపోయాయి. ఆ వెర్షన్‌ను దింపుకున్నాక మెషీన్ మీదే కట్టుకోవాలి, దానికి సెటప్‌టూల్స్ అనే సాధనం కావాలి. ఆ నెలలో వచ్చిన సెటప్‌టూల్స్ 46, మార్కప్‌సేఫ్ 1.0 అడిగే Feature అనే భాగాన్ని తీసేసింది. లైబ్రరీ వెర్షన్ మారలేదు, దాన్ని కట్టే సాధనం మారింది. అందుకే పెద్ద టీములు పైథాన్ వెర్షన్‌నూ, సెటప్‌టూల్స్‌నూ కూడా పిన్ చేసి, ఒకసారి సవ్యంగా వచ్చిన బిల్డ్‌ను డాకర్ ఇమేజ్‌గా దాచుకుని దాన్నే టెస్టులకూ సర్వర్‌కూ వాడతాయి.