వార్డులో పెద్దోడు, సంతకానికి పిల్లోడు

మొన్న వేసవిలో ఓ రాత్రి మా బాబాయి కొడుకు పండుకి కడుపునొప్పి మొదలైంది. బాబాయి, పిన్ని విజయవాడలో పెళ్లికి వెళ్లారు. దాంతో ఘంటసాల నుంచి బందరులో ఓ ఆసుపత్రికి నేనే తీసుకెళ్లా. వాడికి పదిహేడేళ్ల ఎనిమిది నెలలు.

వయసు చెప్పగానే పిల్లల వార్డు కాదు, మగవాళ్ల వార్డుకి పొమ్మన్నారు. స్కాన్ తీస్తే అపెండిక్స్ వాచిందని తేలింది, ఆపరేషన్ చేయాలన్నారు. పండు కాగితం మీద సంతకం పెట్టబోతే నర్సు ఆపేసింది. "నువ్వు మైనర్‌వి బాబూ, అమ్మో నాన్నో పెట్టాలి" అంది. నాకు 23 ఏళ్లు, అక్కని, నేను పెడతానన్నా. కుదరదంది. గంట క్రితం పెద్దోడు, ఇప్పుడు పిల్లోడా?

సర్జన్ గారు ఓపిగ్గా చెప్పారు. వైద్యం చూసేది ఒంటిని. చాలాచోట్ల పిల్లల వార్డు 12 లేదా 14 ఏళ్లతో ఆగిపోతుంది, ఎందుకంటే ఆ తర్వాత బరువు, ఎత్తు పెద్దవాళ్లకు దగ్గరపడతాయి. మత్తుమందు కూడా ప్రధానంగా బరువు చూసే ఇస్తారు. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల దాకా కౌమారమే. అంటే ఎదుగుదల మెల్లగా సాగుతుంది, ఒక్కరోజులో ఆగదు.

చట్టానికి మాత్రం ఒక గీత కావాలి. 1875 నాటి మెజారిటీ చట్టం ఆ గీతను 18 దగ్గర గీసింది. ఆపరేషన్‌కి ఒప్పుకోవడాన్ని ఒప్పందంలా చూస్తారు కాబట్టి ఆలోపు సంతకం తల్లిదండ్రులదో, చట్టప్రకారం గార్డియన్‌దో ఉండాలి. తోడొచ్చిన అక్క గార్డియన్ కాదు.

తమాషా ఏంటంటే, చట్టంలోనే ఇంకో గీత ఉంది. భారతీయ న్యాయ సంహితలో సమ్మతి గురించి చెప్పేచోట వయసు 12. అందుకే 12 దాటినవాళ్లని మామూలుగా పరీక్ష చేసేముందు డాక్టర్లు వాళ్లనే అడుగుతారు. కోతకి మాత్రం 18.

"మరి వాళ్లొచ్చేలోపు అపెండిక్స్ పగిలితే?" అన్నా భయంగా. ప్రాణం మీదికొచ్చి, పెద్దవాళ్లు అందుబాటులో లేకపోతే, సంతకం లేకుండానే డాక్టరు చికిత్స చేయొచ్చట. అదే సంహితలో 30వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. పండు పరిస్థితి అంతదాకా రాలేదు. సెలైన్, యాంటీబయోటిక్ పెట్టి ఆగారు. రెండు గంటల్లో బాబాయి వచ్చి సంతకం పెట్టాడు, తెల్లారేలోపు ఆపరేషన్ అయిపోయింది.

తర్వాత పండుకి 18 నిండాయి. చట్టం లెక్కలో పుట్టినరోజు మొదలవగానే మేజర్. ఆ వారంలోనే పన్ను పీకించుకోడానికెళ్లి కాగితం మీద దర్జాగా సంతకం పెట్టొచ్చాడు. "ఇక నేను పెద్దోణ్ణి అక్కా" అన్నాడు. డాక్టర్ల లెక్కలో ఇరవయ్యో పుట్టినరోజు దాకా నువ్వు కౌమారంలోనే ఉన్నావురా అన్నా!