‘బిగినర్స్’ అంటే ఎవరు?

‘కొత్త బ్యాచ్‌లు: ఉదయం 5.30, 6.45. బిగినర్స్‌కి. నెలకు 1,500.’ మా వీధి యోగా టీచరు మొదట పెట్టిన ప్రకటన ఇంతే. ఇరవై ఏళ్ల కుర్రాడూ వచ్చాడు, మోకాళ్లు పట్టేసిన అరవై ఏళ్ల పెద్దావిడా వచ్చారు. ఇద్దరూ కొత్తవాళ్లే మరి! సూర్యనమస్కారాలు మూడో చుట్టుకొచ్చేసరికి ఆవిడ గోడ పట్టుకుని నిలబడ్డారు.

రెండోసారి ఆమె స్థాయిని పనుల్లో చెప్పారు: ‘5.30 బ్యాచ్: నేల మీద కూర్చుని, చేయి ఆనించకుండా లేవగలిగినవాళ్లకు. 6.45: కుర్చీ సాయంతో ఆసనాలు; శీర్షాసనం ఉండదు. బీపీ, హెర్నియా, ఈమధ్య ఆపరేషన్ ఉంటే డాక్టర్ని అడిగి, నాకూ ముందే చెప్పండి.’ దీంతో ఎవరి బ్యాచ్ ఏదో వాళ్లకే తెలిసింది.

ఫీజు దగ్గరా అంతే. వారానికి మూడు రోజులంటే నెలకు సుమారు 12 క్లాసులు, క్లాసుకి 125 రూపాయలు. మానేసిన క్లాసుకి బదులు ఉందా లేదా అన్నది రాయకపోతే నెలాఖరులో పేచీ తప్పదు.

ట్రయల్ క్లాసు శనివారం, ఉచితం, పరగడుపున రావాలి. అక్కడ టీచరు విన్యాసాలు చూడక్కర్లేదు. మీ నొప్పుల గురించి అడిగారా, ఊపిరి బిగబట్టినప్పుడు గమనించి ఆపారా, అది చూడండి.

బుకింగ్‌కి వాట్సాప్‌లో పేరు, వయసు, బ్యాచ్ పంపాలి. ‘సీటు ఖాయం’ అని జవాబు వచ్చాకే డబ్బు కట్టాలి. బ్యాచ్‌కి పన్నెండు మందే, ఆ హాల్లో పట్టే చాపలు అన్నే.