పప్పు పల్చన, రోజూ ఆలుగడ్డ: బస్తర్ హాస్టల్ విద్యార్థులు వార్డెన్‌కు రాసే లేఖ ఎలా ఉండాలి?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో వేలాది మంది ఆదివాసీ పిల్లలు ఇంటికి దూరంగా ఆశ్రమ పాఠశాలల్లోనూ, ప్రభుత్వ హాస్టళ్లలోనూ ఉండి చదువుకుంటున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులను ఆనుకొని ఉన్న భోపాలపట్నం, కుంట వంటి చోట్ల ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలూ వీరిలో ఉన్నారు. ఈ పిల్లలకు మూడు పూటలా తిండి పెట్టేది హాస్టల్ వంటశాలే. అది బాగా లేకపోతే బయట కొనుక్కునే స్తోమత చాలామందికి ఉండదు. అందుకే భోజనం గురించి వార్డెన్‌కు రాసే లేఖ వారికి చాలా ముఖ్యమైనది.

ఛత్తీస్‌గఢ్‌లో వార్డెన్‌ను అధీక్షకుడు అంటారు. ఆయనకు అందే లేఖల్లో సాధారణంగా కనిపించే వాక్యం ‘భోజనం బాగుండటం లేదు, మెనూ మార్చండి’ అన్నదే. అందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ దానికి ‘చూస్తాం’ అన్న ఒక్క మాటతో జవాబు చెప్పి పక్కన పెట్టేయవచ్చు. ఏ సరుకు, ఎంత, ఏ రోజు అన్నది చెప్పిన లేఖను అలా పక్కన పెట్టడం కష్టం. అటువంటి లేఖ రాయడానికి ముందుగా హాస్టల్‌కు వచ్చే డబ్బు లెక్క తెలియాలి.

రోజుకు యాభై రూపాయలు

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2023లో ప్రీ మెట్రిక్ హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలల విద్యార్థుల శిష్యవృత్తిని నెలకు 1,000 రూపాయల నుంచి 1,500 రూపాయలకు పెంచింది. పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లలో ఇచ్చే భోజన సహాయం 700 రూపాయల నుంచి 1,200 రూపాయలైంది. అంటే పాఠశాల విద్యార్థికి రోజుకు 50 రూపాయలు, కళాశాల విద్యార్థికి 40 రూపాయలు.

బియ్యం సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం సంక్షేమ సంస్థలు, హాస్టళ్ల కోసం అమలు చేస్తున్న పథకం కింద ఒక్కొక్కరికి నెలకు 15 కిలోల వరకు ఆహార ధాన్యం రాయితీ ధరకు కేటాయించే వీలుంది. రోజుకు అర కిలో అన్నమాట. అందువల్ల చాలా చోట్ల అన్నానికి కొరత రాదు. కొరత వచ్చేది పక్కన వడ్డించే పప్పులో, కూరలో, గుడ్డులో. పిల్లల కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టవలసింది పట్టదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల బాలికకు రోజుకు సుమారు 43 గ్రాముల మాంసకృత్తులు, 30 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. ఛత్తీస్‌గఢ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి రక్తహీనత ఉన్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పప్పు పలచబడటం కేవలం రుచికి సంబంధించిన ఫిర్యాదు కాదనడానికి ఇదే కారణం.

యాభై మంది హాస్టల్ లెక్క

ఉదాహరణకు యాభై మంది ఉన్న ఒక ప్రీ మెట్రిక్ హాస్టల్‌ను తీసుకుందాం. ఒక పూట భోజనంలో ఎంత పప్పు, ఎంత కూరగాయ ఉండాలన్నదానికి పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్ కొలత ఒకటి అందుబాటులో ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె అని అందులో ఉంది. ఇది హాస్టళ్ల కోసం రాసిన నిబంధన కాదు. అయినా ప్రభుత్వమే ఒప్పుకొన్న కొలత కాబట్టి పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఈ లెక్కన రెండు పూటలకు యాభై మందికి మూడు కిలోల పప్పు కావాలి. కిలో 120 రూపాయలనుకుంటే 360 రూపాయలు. కూరగాయలు ఏడున్నర కిలోలు, కిలో 40 చొప్పున 300 రూపాయలు. నూనె ముప్పావు కిలో, కిలో 150 చొప్పున దాదాపు 112 రూపాయలు. తలకు ఒక గుడ్డు, ఏడు రూపాయల చొప్పున 350. మొత్తం 1,122 రూపాయలు. హాస్టల్‌కు ఆ రోజుకు లెక్కలోకి వచ్చే మొత్తం 2,500 రూపాయలు. మిగిలిన 1,378 రూపాయల్లో బియ్యం ధర, ఉదయం ఫలహారం, గ్యాస్, ఉప్పు, కారం, మసాలాలు సర్దుకోవాలి.

ఈ ధరలు ఊహించుకున్నవి. లేఖ రాసేవారు తమ ఊరి సంత ధరలు వేసుకోవాలి. కానీ రెండు విషయాలు ఇక్కడే తేలిపోతాయి. చిక్కటి పప్పు అడగడం అత్యాశ కాదు. ప్రతిరోజూ మాంసం అడిగితే మాత్రం ఈ డబ్బులో అది కుదరదు. కుదిరేదాన్ని అడిగిన లేఖకే బలం ఉంటుంది.

పప్పు ఎక్కడ తగ్గుతోంది?

పప్పు పల్చబడటానికి కారణాలు మూడు రకాలుగా ఉండవచ్చు. డబ్బు ఆలస్యంగా రావడంతో కిరాణా దుకాణంలో అప్పు పేరుకుపోయి, వార్డెన్ సరుకు తగ్గించవచ్చు. స్టోరు నుంచి సరిగానే తీసినా వంటశాలకు చేరేలోపు కొంత పక్కకు పోవచ్చు. లేదా హాజరు పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ మంది తింటూ ఉండవచ్చు.

వీటిని విడదీయడానికి రెండు పుస్తకాలు చాలు. ఒకటి విద్యార్థుల హాజరు పుస్తకం, రెండోది స్టాకు రిజిస్టరు. ఆ రోజు రాత్రి భోజనానికి ఒకటిన్నర కిలో పప్పు ఇచ్చినట్లు రిజిస్టరులో ఉండి, వంటశాలలో నానబోసింది కిలో కూడా లేకపోతే సరుకు దారిలో తగ్గినట్లు. రిజిస్టరులోనే కిలో ఉంటే కొనుగోలు తగ్గినట్లు. పుస్తకంలో యాభై మంది పేర్లుండి, పండుగకో పంట పనులకో ఇళ్లకు వెళ్లగా పంక్తిలో ముప్పై మందే కూర్చుంటే, మిగిలిన ఇరవై మంది సరుకు ఏమైందన్న ప్రశ్న వస్తుంది.

విద్యార్థుల భోజన కమిటీలో ఇద్దరు వారం రోజుల పాటు సరుకు తూచేటప్పుడు దగ్గర నిలబడి, తేదీ వేసి రాసుకుంటే ఇదంతా తెలుస్తుంది. ఎవరి మీదా నింద వేయనక్కరలేదు. అంకెలు రాస్తే చాలు.

సంతలో దొరికే మెనూ

వానాకాలంలో బస్తర్‌లోని లోపలి ఊళ్లకు వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. అప్పుడు నిల్వ ఉండే ఆలుగడ్డ, సోయా వడియాలే వంటశాలకు దిక్కవుతాయి. రోజూ ఒకే కూర రావడానికి ప్రతిసారీ నిర్లక్ష్యమే కారణం కాదు.

అయితే మెనూ మార్పుకు కావలసినవి చాలావరకు పిల్లల ఇళ్లలోనే ఉన్నాయి. బస్తర్‌లో రాగిని మండియా అంటారు. దానితో చేసే పేజ్ తెలుగువారి అంబలి వంటిదే. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. రాగులు, ఉలవలు నిల్వ ఉంటాయి కాబట్టి వానలకు ముందే కొని పెట్టుకోవచ్చు. వారపు సంతలో ఆకుకూరలు గంపల కొద్దీ వస్తాయి. హాస్టల్ ఆవరణలో నాలుగు మునగ చెట్లుంటే ఆకు కొనే పనే లేదు.

కాబట్టి ‘మెనూలో వైవిధ్యం కావాలి’ అని రాసే బదులు, ‘వారంలో రెండు ఉదయాలు మండియా పేజ్, సంత రోజున, మర్నాడు ఆకుకూర, ఒక రోజు ఉలవపప్పు, మూడు రోజులు గుడ్డు’ అని రాస్తే వార్డెన్‌కు పని తేలికవుతుంది. గుడ్డు తినని వారికి ఏమివ్వాలో కూడా అదే లేఖలో చెప్పాలి.

లేఖ ఇలా ఉండవచ్చు

‘గౌరవనీయులైన అధీక్షకుల వారికి, హాస్టల్ విద్యార్థుల విన్నపం. గత నెల మొదటి వారం ఏడు రోజుల్లో ఐదు రోజులు రాత్రి ఆలుగడ్డ కూరే వడ్డించారు. పూటకు పప్పు సగటున కిలో వండారు, భోజనం చేసినవారు 48 మంది. గోడ మీద రాసిన మెనూ ప్రకారం రెండు రోజులు గుడ్డు ఇవ్వాలి, ఒక్క రోజూ ఇవ్వలేదు. పూటకు ఒకటిన్నర కిలో పప్పు వండించాలని, జతపరిచిన వారపు మెనూను పరిశీలించాలని, సరుకు తూచేటప్పుడు ఇద్దరు విద్యార్థులను ఉండనివ్వాలని కోరుతున్నాం. పదిహేను రోజుల్లో మాతో ఒకసారి సమావేశం ఏర్పాటు చేయగలరు.’

ఇందులో తేదీలున్నాయి, అంకెలున్నాయి, కోరికలు మూడే ఉన్నాయి, గడువు ఉంది. ఒక్కరి పేరు ముందుకు రాకుండా కమిటీ సభ్యులందరూ సంతకాలు చేయడం మంచిది. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్లు తేదీతో సంతకం తీసుకోవాలి. పురుగులు పడ్డ బియ్యం, పాసిన కూర వంటివి మాత్రం లేఖ కోసం ఆగే విషయాలు కావు. ఆ పూటే తినడం ఆపి, నమూనా పక్కన పెట్టి, వార్డెన్‌కూ తల్లిదండ్రులకూ చెప్పాలి.

వార్డెన్ చేతిలో లేనివి

శిష్యవృత్తి రేటును వార్డెన్ పెంచలేరు. ఆలస్యంగా వచ్చే డబ్బునూ ఆయన తెప్పించలేరు. అటువంటివి పై అధికారికి వెళ్లాలి. గిరిజన శాఖ హాస్టళ్లకైతే ఆ అధికారి జిల్లాలోని ఆదివాసీ వికాస్ సహాయ కమిషనర్. సల్వాజుడుం కాలంలో బడులు కూలిపోయిన ప్రాంతాల్లో వెదురుతో నిర్మించిన పోటా క్యాబిన్ ఆశ్రమ పాఠశాలలు మాత్రం సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. వాటి లేఖ ఆ విభాగపు జిల్లా కార్యాలయానికి పంపాలి. తప్పు కార్యాలయానికి వెళ్లిన లేఖ అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. రెండింటికీ కలెక్టరు జనదర్శన్‌లో విన్నవించుకునే దారి ఉంటుంది.

రేట్ల విషయంలో పొరుగున ఉన్న తెలంగాణ అనుభవం గమనించదగినది. అక్కడ డైట్ చార్జీలు ఏళ్ల తరబడి మారలేదు. 2024 చివరలో వాటిని 40 శాతం పెంచారు. ఎనిమిది నుంచి పదో తరగతి విద్యార్థికి 1,100 రూపాయలున్నది 1,540 అయింది. అదే నవంబరులో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాల విద్యార్థిని ఒకరు హాస్టల్ భోజనం తర్వాత అస్వస్థతకు గురై, హైదరాబాద్‌లో వారాల పాటు చికిత్స పొంది మరణించారు. డిసెంబరు 14న రాష్ట్రమంతటా హాస్టళ్లలో ఒకే మెనూ ప్రారంభించారు.

రేటు పెరిగినంత మాత్రాన పళ్లెంలో పప్పు చిక్కబడదు. పెరిగిన డబ్బు వంటశాల దాకా చేరుతోందా లేదా అన్నది పూటపూటా అక్కడ తినే విద్యార్థులకే ముందుగా తెలుస్తుంది. తేదీలతో, తూకాలతో వారు రాసిన లేఖ ఫైలులో ఉంటే, తనిఖీకి వచ్చిన అధికారి స్టాకు రిజిస్టరును దానితో పోల్చి చూడవచ్చు.