ఒకరికి తగ్గించిన ధర అందరికీ వర్తిస్తుందా?

ప్రభుత్వ రేట్ కాంట్రాక్టులు చేసినవారికి ‘ఫాల్ క్లాజ్’ బాగా తెలుసు. కాంట్రాక్టు నడిచే కాలంలో అదే సరుకును వేరెవరికైనా తక్కువకు అమ్మితే, వెంటనే తెలియజేసి ప్రభుత్వానికీ ఆ మేరకు ధర తగ్గించాలి. 2017లో మూతపడిన కేంద్ర సరఫరా సంస్థ డీజీఎస్‌అండ్‌డీ దశాబ్దాల పాటు ఈ షరతు వాడింది. ఇదే షరతును ప్రైవేటు రంగంలో ‘మోస్ట్ ఫేవర్డ్ కస్టమర్’ క్లాజ్ అంటారు. పెద్ద కొనుగోలుదారు ముందు పెట్టిన ముసాయిదాలో అది రెండు వాక్యాలే ఉంటుంది. ఆ రెండు వాక్యాలకు ఎంత ఖర్చవుతుందో లెక్క వేయకుండానే చాలామంది చిన్న ఉత్పత్తిదారులు సంతకం పెట్టేస్తారు.

ఉదాహరణకు పంపులు చేసే ఒక చిన్న కంపెనీని ఊహించుకుందాం. ఒక పెద్ద కంపెనీకి ఏడాదికి 400 పంపులు, ఒక్కోటి 50,000 రూపాయలకు ఇస్తోంది. 300 పంపులు వెళ్లాక, మరొకరు 20 పంపులు 44,000 చొప్పున అడిగారు. ఆర్డరు విలువ 8.8 లక్షలు. క్లాజ్‌లో ‘ఎవరికైనా తక్కువకు అమ్మితే మొదటి నుంచీ అదే ధర’ అని ఉంటే, 400 పంపులకు 6,000 చొప్పున 24 లక్షల భారం పడుతుంది. ఆ ఆర్డరు వదులుకోవడమే మేలు.

ఇక్కడ మొదట మార్చవలసింది కాలం. ‘తక్కువ ధర అమల్లోకి వచ్చిన తేదీ తర్వాత పంపే సరుకుకు మాత్రమే’ అని రాయించుకుంటే మిగిలిన 100 పంపులకే తగ్గింపు పడుతుంది. 24 లక్షలు 6 లక్షలవుతాయి. డీజీఎస్‌అండ్‌డీ క్లాజ్ కూడా ధర తగ్గిన తేదీ నుంచే లెక్కించేది కాబట్టి, ఇది అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

రెండోది పోలిక. ‘ఇంతే పరిమాణం లేదా ఇంతకంటే తక్కువ కొనేవారితోనే పోల్చాలి’ అన్న మాట చేర్చి చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది ఇంకా ఎక్కువ కొనేవారికి తగ్గించుకునే స్వేచ్ఛ ఇస్తుంది తప్ప మన ఉదాహరణలో పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ తక్కువ ధరకు కొన్నది చిన్న కస్టమరే. అసలు రక్షణ మిగతా షరతుల్లో ఉంది. పెద్ద కంపెనీ 90 రోజుల అప్పు మీద కొంటోంది, రవాణా, బిగింపు అమ్మకందారువే, వారంటీ రెండేళ్లు. చిన్న కస్టమర్ మొత్తం అడ్వాన్సు ఇచ్చి, ఫ్యాక్టరీ నుంచి తానే తీసుకెళ్తున్నాడు, వారంటీ ఆరు నెలలే. 12 శాతం వడ్డీతో 90 రోజుల అప్పు పంపుకు దాదాపు 1,500 ఖర్చు. రవాణా, బిగింపులకు 2,500, అదనపు వారంటీకి 1,500 అనుకుంటే, 6,000 తేడాలో 5,500 ఇక్కడే తేలిపోతుంది. నిజమైన తగ్గింపు 500. ‘చెల్లింపు గడువు, రవాణా, బిగింపు, వారంటీ తేడాలను సర్దుబాటు చేశాక మిగిలే నికర ధరనే పోల్చాలి’ అన్న ఒక్క వాక్యం ఉంటే 100 పంపులకు పడే భారం 50,000 రూపాయలు.

మూడోది మినహాయింపులు. ఫాల్ క్లాజ్‌లోనే ఎగుమతులకు, గడువు తేదీ ఉండే మందుల వంటి వాటికి మినహాయింపు ఉండేది. నమూనాలు, పాత స్టాకు, డీలర్ల ధరలు కూడా చేర్చమని అడగవచ్చు. అయితే ఇవన్నీ సంతకానికి ముందే బాహాటంగా మాట్లాడుకోవాలి. అదే పంపుకు మోడల్ నంబరు మార్చి ‘ఇది వేరే వస్తువు’ అని వాదించడం నా దృష్టిలో మోసమే. వివాదం వచ్చినప్పుడు అది నిలబడుతుందన్న ఆశా పెట్టుకోకూడదు.

ప్రైస్ మ్యాచింగ్ క్లాజ్ మరో వైపు నుంచి వస్తుంది. అక్కడ పోల్చేది పోటీదారు ధరతో. నోటిమాటగా ‘వాళ్లు తక్కువకిస్తామన్నారు’ అంటే చాలదని, అదే నాణ్యతకు, పరిమాణానికి, డెలివరీకి రాతపూర్వకమైన కొటేషన్ చూపాలని రాసుకోవాలి. పోటీదారు ధర గోప్యమైతే ఒక స్వతంత్ర చార్టర్డ్ అకౌంటెంట్ చూసి ధ్రువీకరిస్తే సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ధర కలపడం హక్కుగా ఉండాలి, బాధ్యతగా కాదు. 15 రోజుల్లో కలపకపోతే ఆ పరిమాణం వరకే కొనుగోలుదారు బయట కొనవచ్చు, మిగతా కాంట్రాక్టు యథాతథంగా నడుస్తుంది.

రాత ఎంత బాగున్నా దాన్ని అమలు చేయాల్సింది అమ్మకాల విభాగం. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టులో, ప్రైవేటు కస్టమర్లకిచ్చిన పెద్ద డిస్కౌంట్లను సరిగా వెల్లడించలేదన్న ఆరోపణపై ఒరాకిల్ 2011లో 19.95 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అందుకే ఇలాంటి క్లాజ్‌లున్న కాంట్రాక్టుల జాబితా ఒకరి దగ్గర ఉండాలి. తక్కువ ధరతో వెళ్లే ప్రతి కొటేషనూ ముందు వారి చేతుల మీదుగా వెళ్లాలి, ధర ఎందుకు తగ్గిందో ఆ ఫైల్లోనే రాసి పెట్టాలి.