రెపో 4 శాతం ఉంటే కాల్ రేటు 3.35 కిందికి ఎందుకు జారింది?

2020 మే నుంచి 2022 మే దాకా రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 4 శాతం దగ్గరే ఉంది. అయినా 2020 చివరి నెలల్లో బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పుపై వడ్డీ, అంటే కాల్ రేటు, 3.35 శాతం కంటే కిందికి పడిపోయింది. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కే రెపో రేటుకు, మార్కెట్లో నిజంగా చేతులు మారే డబ్బు ధరకు మధ్య ఇంత దూరం ఎలా వచ్చింది?

ప్రతి బ్యాంకూ తన డిపాజిట్లలో కొంత భాగాన్ని సీఆర్ఆర్‌గా రిజర్వ్ బ్యాంక్ ఖాతాలో ఉంచాలి. పక్షం రోజుల సగటు లెక్క సరిపోతే చాలు. కానీ ఏ రోజైనా అవసరమైన మొత్తంలో 90 శాతానికి తగ్గకూడదు. ఇక్కడ డబ్బు అంటే ఈ ఖాతాల్లోని నిల్వే. ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు వెళ్తే మొత్తం నిల్వ మారదు. ముందస్తు పన్ను గడువైన మార్చి 15 లాంటి రోజున కంపెనీలు పన్ను కడితే మాత్రం ఆ సొమ్ము బ్యాంకుల ఖాతాల్లోంచి ప్రభుత్వ ఖాతాలోకి పోతుంది. ప్రభుత్వ ఖాతా కూడా రిజర్వ్ బ్యాంకులోనే ఉంటుంది కాబట్టి ఆ మేరకు బ్యాంకింగ్ వ్యవస్థ మొత్తంలోనే నిల్వ తగ్గుతుంది. అప్పుడు బ్యాంకులు ఎంత ప్రయత్నించినా ఆ లోటును తమలో తాము పూడ్చుకోలేవు. పూడ్చగలిగేది రిజర్వ్ బ్యాంక్ ఒక్కటే. రేటుపై దానికున్న పట్టంతా ఇక్కడి నుంచే వస్తుంది.

రెపోలో బ్యాంకు ప్రభుత్వ బాండ్లను రిజర్వ్ బ్యాంకుకు అమ్మి, నిర్ణీత రోజున కాస్త ఎక్కువ ధరకు తిరిగి కొంటానని ఒప్పుకుంటుంది. పేరుకు అమ్మకమే అయినా పనికి అది తాకట్టు అప్పు. రివర్స్ రెపో దీనికి తలకిందులు: బ్యాంకు తన మిగులు సొమ్మును రిజర్వ్ బ్యాంకు దగ్గర దాచి, బదులుగా బాండ్లు తీసుకుంటుంది.

ఒక ఉదాహరణ. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు రెపో 6.50 శాతంగా, రిజర్వ్ బ్యాంక్ మిగులును తీసుకునే రేటు 6.25గా, అత్యవసరంగా అప్పిచ్చే ఎంఎస్ఎఫ్ రేటు 6.75గా ఉండేవి. అప్పట్లో ఒక బ్యాంకుకు సాయంత్రానికి 1,000 కోట్లు తగ్గిందనుకుందాం. ఎంఎస్ఎఫ్‌లో తీసుకుంటే ఒక్క రాత్రికి వడ్డీ సుమారు 18.5 లక్షలు. అందుకే మరో బ్యాంకు అంతకంటే ఎక్కువ అడిగితే ఇవ్వదు. అదే 1,000 కోట్లు మిగిలిన బ్యాంకుకు రిజర్వ్ బ్యాంకులో దాస్తే సుమారు 17.1 లక్షలు వస్తాయి. అంతకంటే తక్కువకు బయట ఇవ్వదు. కాల్ రేటు ఈ రెండు గోడల మధ్యే కదలాలి.

ఏ గోడకు ఆనుకుంటుందన్నది వ్యవస్థలో లోటుందా, మిగులుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. లోటు పెరిగితే అప్పు కోసం తిరిగేవాళ్లు ఎక్కువై రేటు పైకి పోతుంది. 2025 జనవరిలో జరిగింది అదే. కొరత తీవ్రం కావడంతో ఆ నెల 16 నుంచి రిజర్వ్ బ్యాంక్ రోజూ రెపో వేలం పెట్టడం మొదలుపెట్టింది. 2020లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. కోవిడ్ వేళ వ్యవస్థలోకి భారీగా డబ్బు వచ్చి చేరింది, రెపోలో అప్పు తీసుకోవాల్సిన అవసరమే చాలా బ్యాంకులకు లేకుండా పోయింది. ఎవరూ తీసుకోని అప్పు ధర మార్కెట్‌ను నడపలేదు. ఆ రెండేళ్లూ నిజమైన పాలసీ రేటు 3.35 శాతం రివర్స్ రెపోనే.

మరి నేల అనుకున్న ఆ 3.35 కూడా ఎందుకు కుంగింది? ఆ కిటికీ అందరికీ తెరిచి ఉండదు. మ్యూచువల్ ఫండ్లకు, చాలా సహకార బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు దగ్గర నేరుగా డబ్బు దాచుకునే వీలు లేదు. ఆ ఫండ్లు బాండ్ల పూచీతో అప్పిచ్చే ట్రెప్స్ మార్కెట్లో, సహకార బ్యాంకులు కాల్ మార్కెట్లో తమ మిగులును వచ్చిన రేటుకు వదిలించుకోవాలి. తీసుకునే పెద్ద బ్యాంకులకు అవసరమేమీ లేదు, బేరం వాళ్ల చేతిలో ఉంది. 3.1కి తీసుకుని రివర్స్ రెపోలో 3.35కి పెట్టినా లాభమే.

2021 జనవరి 15న రిజర్వ్ బ్యాంక్ 2 లక్షల కోట్లకు 14 రోజుల రివర్స్ రెపో వేలం పెట్టి మిగులులో కొంత లాగేసరికి రేట్లు మళ్లీ 3.35 వైపు నడిచాయి. మిగులును తీసుకోవడంలో ఇంకో చిక్కూ ఉంది. రివర్స్ రెపోకు బదులుగా ఇవ్వడానికి రిజర్వ్ బ్యాంకు దగ్గర బాండ్లుండాలి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్టాండింగ్ డిపాజిట్ ఫెసిలిటీ, అంటే ఎస్‌డీఎఫ్, బాండ్లు ఇవ్వకుండానే బ్యాంకుల సొమ్ము తీసుకుంటుంది. అప్పుడు దాని రేటు 3.75. కిందిగోడ ఒక్కసారిగా 40 బేసిస్ పాయింట్లు లేచింది, రెపోను ముట్టుకోకుండానే. అందుకే రెపో మారలేదన్న వార్త చదివి వడ్డీలు కదల్లేదనుకోవడం పొరపాటు. రిజర్వ్ బ్యాంక్ రోజూ విడుదల చేసే మనీ మార్కెట్ ప్రకటనలో కాల్ రేటు సగటు రెపోకు పైన ఉందా, ఎస్‌డీఎఫ్‌కు దగ్గరగా ఉందా అని చూస్తే చాలు, ఆ రోజు డబ్బుకు కొరతో మిగులో తెలిసిపోతుంది.